సవరణ: గట్టి పొర కింద మెత్తటి బంక ఉన్నప్పుడు పునాది లోతు

"అన్నా, ఇచ్ఛాపురం పక్కన పొలం ప్లాటు. పైన 2 మీటర్లు గట్టి బంకమన్ను, దాని కింద మెత్తటిది. 1 మీటరు చాలక 1.5 మీటర్లు తవ్వమని రాశారు, తవ్వమంటారా?"

తవ్వకండి. ఆ సలహా తప్పు, వెనక్కి తీసుకుంటున్నాం. అప్పుడు గట్టి పొర బలమొక్కటే లెక్కేశాం.

1.5 మీటర్ల చదరపు ఫుటింగు మీద 34 టన్నులు అనుకోండి. 1 మీటరు లోతులో దాని కింద ఇంకో మీటరు గట్టి మన్నుంటుంది. బరువు రెండు పాళ్లు దిగితే ఒక పాలు పక్కకి పరుచుకుంటుందని లెక్క. అంటే మెత్తటి పొర దగ్గరికి 2.5 మీటర్ల చదరమై చదరపు మీటరుకు 5.4 టన్నులు పడుతుంది. ఆ మెత్తటి మన్ను కోత బలం చదరపు మీటరుకు 2 టన్నులైతే, మూడు రెట్ల భద్రతతో ఓర్చేది 4.1 మాత్రమే. 1.5 మీటర్లు తవ్వితే మధ్యలో మిగిలేది అర మీటరే, ఒత్తిడి 8.5కి పోతుంది. ఫుటింగు గట్టి పొరను పొడుచుకుని దిగిపోయే ప్రమాదం అక్కడే.

లోతు 1 మీటరే ఉంచి వెడల్పు 2 మీటర్లు చేస్తే ఆ ఒత్తిడి 3.8కి దిగుతుంది. కుంగుడు లెక్క మాత్రం విడిగా చూడాల్సిందే. వేసవిలో పైపొర ఎండిపోయి, అసలు బలం కంటే గట్టిగా కనిపిస్తుంది, కాబట్టి తడిసిన మన్ను బలమే తీసుకోండి. చేతి ఆగరుతో ఫుటింగు అడుగు నుంచి 3 మీటర్లయినా దింపి చూడండి.