తేదీల మధ్య బాణాలు: చరిత్ర సిలబస్‌ను కాలరేఖగా మార్చడం

ఫ్రెంచి విప్లవం పాఠ్యాంశం సిలబస్‌లలో సాధారణంగా ఒకే క్రమంలో కనిపిస్తుంది: సామాజిక కారణాలు, ఆర్థిక కారణాలు, రాజకీయ కారణాలు, ఆ తర్వాత ముఖ్య సంఘటనలు, చివరికి ఫలితాలు. బోధనకు ఈ అమరిక అనుకూలమే కానీ, జ్ఞాపకానికి ఇది పెద్దగా సాయపడదు. కారణాలన్నీ ఒకే సమయంలో పక్కపక్కన నిలిచి ఉన్నట్టు కనిపిస్తాయి తప్ప ఏది ముందు వచ్చింది, ఏది దేన్ని కదిలించింది అన్నది తెలియదు. విద్యార్థి అయిదు కారణాలు అప్పజెప్పగలుగుతాడు, వాటిలో ఏది 1787 నాటిదో, ఏది 1789 నాటిదో చెప్పలేకపోతాడు. సిలబస్‌ను తేదీల కాలరేఖగా మార్చడం వల్ల తీరేది ఈ లోటే. అయితే తేదీలను వరుసగా రాసినంత మాత్రాన అది తీరదు, ఒక తేదీని మరో తేదీతో కలిపే బాణాలను కూడా గీయాలి, ప్రతి బాణం మీద ఒక క్రియ ఉన్న చిన్న వాక్యం రాయాలి.

మొదటి పని సిలబస్‌లోని శీర్షికలను తేదీ వేయగల వాక్యాలుగా విడగొట్టడం. ‘ఆర్థిక సంక్షోభం’ అనే మాటకు తేదీ లేదు. కానీ ఆర్థిక వ్యవహారాలు చూసే కలోన్ ఖజానా లోటును రాజు పదహారవ లూయీ ముందు పెట్టినది 1786 ఆగస్టులో, పన్నుల సంస్కరణకు ఒప్పించేందుకు ప్రముఖుల సభను సమావేశపరచినది 1787 ఫిబ్రవరిలో, ఖజానా చెల్లింపులు నిలిచిపోయినది 1788 ఆగస్టులో. ఒక్క శీర్షిక ఇలా మూడు తేదీలుగా విడిపోతుంది, ఆ మూడింటి మధ్య సంబంధం కూడా వాటంతటదే బయటపడుతుంది: లోటు తెలిసింది గనుక సంస్కరణ కోరారు, సంస్కరణ సాగలేదు గనుక చెల్లింపులు ఆగాయి.

తేదీకి లొంగని కారణాలు కూడా ఉంటాయి. మతాధికారులు, ప్రభువులు అనే మొదటి రెండు వర్గాల ప్రత్యేక హక్కులు ఏ ఒక్క రోజునో పుట్టినవి కావు, అందువల్ల వాటిని చుక్కగా కాక పొడవైన పట్టీగా గీయాలి. ఆ పట్టీ ఎక్కడ మొదలవుతుందో తెలియకపోయినా ఎక్కడ ముగుస్తుందో తెలుస్తుంది, పరీక్షకు పనికొచ్చేది కూడా ముగింపే. రైతులపై భూస్వాములకున్న ఫ్యూడల్ హక్కులు 1789 ఆగస్టు 4 రాత్రి రద్దయ్యాయని చాలా నోట్సుల్లో ఉంటుంది. నిజానికి ఆనాటి నిర్ణయాల ప్రకారం భూమికి సంబంధించిన అనేక బకాయిలను రైతులు డబ్బు చెల్లించి విడిపించుకోవలసి ఉండేది, పరిహారం లేకుండా అవి పూర్తిగా రద్దయినది 1793 జూలై 17న. పట్టీని 1789లో సన్నబరచి 1793లో ఆపితే, ఆ మధ్య సంవత్సరాలలో గ్రామాల అసంతృప్తి ఎందుకు చల్లారలేదో విడిగా బట్టీ పట్టవలసిన పని ఉండదు.

కాలరేఖ చేసే అసలు మేలు పొరపాటు కారణాన్ని పట్టివ్వడంలో ఉందని నా అభిప్రాయం. పంట నష్టం, రొట్టె ధర, ప్రభుత్వ అప్పు అనే మూడింటినీ ఒకే జాబితాలో చదివినవారు, పంటలు పోవడం వల్లే మూడు వర్గాల ప్రతినిధుల సభ అయిన ఎస్టేట్స్ జనరల్‌ను పిలవవలసి వచ్చిందని సులువుగా రాసేస్తారు. తేదీలు వేసి చూడండి. ఫ్రాన్సులో పంటలను దెబ్బతీసిన పెద్ద వడగళ్ల వాన 1788 జూలై 13న పడింది. ప్రముఖుల సభ విఫలమైనది దానికి ఏడాది ముందు. ఎస్టేట్స్ జనరల్‌ను ఏ పద్ధతిలో జరపాలన్న విషయంపై ప్రభుత్వం అభిప్రాయాలు కోరినది కూడా జూలై 5న, అంటే వానకు ముందే. కాబట్టి రాజును సభ దాకా తెచ్చిన మూల కారణం అప్పు. పంట నష్టం నుంచి గీయవలసిన బాణం వేరే చోటికి వెళ్తుంది: 1789 వసంతానికి ధాన్యం ధర పెరిగి, అదే సమయంలో సభ కూర్చుని ఉండడంతో, ఆకలితో ఉన్న జనం, రాజకీయ వివాదం ఒకే వేసవిలో కలిశాయి. రెండు కారణాలూ నిజమైనవే, కాకపోతే అవి వేర్వేరు సంఘటనలకు కారణాలు. పర్యవసానం కంటే తర్వాత వచ్చినది కారణం కాజాలదన్న ఈ ఒక్క తనిఖీ జాబితాలో సాధ్యం కాదు, కాలరేఖలో కంటికే కనిపిస్తుంది.

ఇక సిలబస్ వేర్వేరు అధ్యాయాలకు పంచేసిన విషయాలను కాలరేఖ ఎలా కలుపుతుందో చూడడానికి చర్చి ఉదంతం మంచిది. అప్పు ‘ఆర్థిక కారణాల’లో ఉంటుంది, చర్చి ‘సంస్కరణల’లో, రాజు పారిపోవడం ‘సంఘటనల’లో. తేదీల వరుసలో ఇవి ఒకే గొలుసు. అప్పు తీర్చే దారి కోసం 1789 నవంబర్ 2న, ఎస్టేట్స్ జనరల్ నుంచి ఏర్పడిన జాతీయ సభ చర్చి ఆస్తులను దేశం వశం చేసింది. ఆస్తి పోయాక మతాధికారుల పోషణ ప్రభుత్వం మీద పడింది గనుక, వారి నియామకాలనూ జీతాలనూ నిర్ణయించే శాసనం 1790 జూలై 12న వచ్చింది. దానికి ప్రతిఘటన ఎదురైనందున అదే ఏడాది నవంబర్‌లో ప్రభుత్వ పోషణలో పదవుల్లో ఉన్న మతాధికారులు విధేయతా ప్రమాణం చేయాలని ఆదేశించారు, దాంతో వారు రెండుగా చీలిపోయారు. ప్రమాణం చేయని వారివైపు మొగ్గిన రాజు 1791 ఏప్రిల్ 18న ఈస్టర్ కోసం సేంట్ క్లౌడ్‌కు బయలుదేరబోగా జనం బండిని కదలనివ్వలేదు. రెండు నెలల తర్వాత, జూన్ 20 రాత్రి, ఆయన కుటుంబంతో పారిస్ విడిచి వరెన్ పట్టణంలో పట్టుబడ్డాడు. పారిపోవాలన్న ఆలోచన ఏప్రిల్ కంటే ముందునుంచే ఉంది, అందుకే ఆ బాణం మీద ‘కలిగించింది’ అని కాక ‘గట్టిపరచింది’ అని రాయాలి.

ఈ గొలుసులో 1789 నవంబర్ 2 ఒకేసారి పర్యవసానమూ కారణమూ అయింది. పునశ్చరణకు అలాంటి తేదీ నుంచే మొదలుపెట్టడం మేలు. మొదటి నుంచి చివరికి చదువుకుంటూ పోతే వరుస మాత్రమే గుర్తుంటుంది, మధ్యలో అడిగితే తడబాటు తప్పదు. నవంబర్ 2 ఒక్కదాన్నే తెల్లకాగితం మీద రాసుకుని, ఎడమవైపు అప్పు దాకా, కుడివైపు వరెన్ దాకా బాణాలను వాటి మీది వాక్యాలతో సహా చూడకుండా గీయాలి. తేదీ గుర్తొచ్చి వాక్యం రాకపోతే, గుర్తున్నది వరుస మాత్రమేనని అర్థం. వాక్యం వచ్చి తేదీ రాకపోతే నష్టం తక్కువ, ముందువెనుకలు తప్పనంత వరకు నెల, సంవత్సరం చాలు.

రోజుతో సహా గుర్తుంచుకోవలసినవి నిజానికి కొన్నే. 1789 జూలై 11న ఆర్థిక మంత్రి నెకర్‌ను రాజు తొలగించాడు, మర్నాడు ఆ వార్త పారిస్ చేరింది, 14న బాస్టిల్ కోట జనం వశమైంది, ఆ నెలాఖరుకు వదంతులతో పల్లెలు అట్టుడికాయి, ఆగస్టు 4న సభ ప్రత్యేక హక్కులను వదులుకుంది. ఇక్కడ నెల మాత్రమే రాసుకుంటే కారణ క్రమమంతా ఒకే మాటలో కలిసిపోతుంది. 1790లో చాలా వాటికి అంత సూక్ష్మత అక్కర్లేదు. రెండు సంఘటనలు ఒకే నెలలో జరిగి, వాటి మధ్య బాణం ఉంటేనే రోజు కావాలి.

చరిత్రకారులు ఏకీభవించని చోట బాణాన్ని చుక్కల గీతగా గీయాలి. వరెన్ ఉదంతానికీ, 1792 ఏప్రిల్ 20న ఆస్ట్రియా పాలకుడిపై ఫ్రాన్సు ప్రకటించిన యుద్ధానికీ మధ్య పది నెలలు గడిచాయి. ఆ వ్యవధిలో ఫ్రాన్సు రాజుకు మద్దతుగా ఆస్ట్రియా, ప్రష్యా పాలకులు చేసిన 1791 ఆగస్టు నాటి పిల్నిట్జ్ ప్రకటన ఉంది, సభలో యుద్ధం కోరిన వర్గపు ఉపన్యాసాలు ఉన్నాయి, ఓటమి వస్తే తన అధికారం తిరిగి దక్కుతుందన్న రాజు ఆశ కూడా ఉంది. వరెన్ నుంచి యుద్ధానికి నేరుగా ఒకే గీత గీస్తే ఈ మూడూ మాయమవుతాయి. మూడింటినీ ఆ ఖాళీలో పెట్టి, ఒక్కోదాని నుంచి విడిగా చుక్కల గీత తీసినప్పుడు, దీర్ఘ సమాధానంలో ఏ కారణానికి ఎంత బరువు ఇవ్వాలో వాదించవలసిన చోటు విద్యార్థికి ముందే తెలుస్తుంది.