సమ్మరీల కొత్త పాయింట్ పెట్టిన నంబర్ 7కు ఒక దండం

పాలమూరు బస్టాండ్ల కూసోని టైప్ చేస్తున్న, బస్సు రాలే, కోపం దిగలే. ఇయ్యాల ఇంటర్న్‌షిప్ డ్రైవ్ ఉండె గదా, రాత పరీక్ష దాటిన, గ్రూప్ డిస్కషన్ల తీసేసిండ్రు. తీసేసినందుకు కాదు నా బాధ (సరే, దానికి కూడా). నంబర్ 7 చీటీ పెట్టుకున్న పిలగాడు ఆఖర్ల చేసిన పనికి.

పదిమందిమి గుండ్రంగ కూసున్నం. టాపిక్ ఏందంటే వలసలు ఊర్లకు మేలా కీడా. పాలమూరుల కూసోబెట్టి వలసల మీద మాట్లాడుమంటే ఎట్లుంటది చెప్పుండ్రి! మా నాయిన ఎన్మిదేండ్లు బొంబాయిల తట్ట మోసిండు, నన్ను అవ్వ దగ్గర ఇడిసిపెట్టి. ఇయ్యాల నాదే అనుకున్న. ఆలోచించుకోనీకి రెండు నిమిషాలు ఇచ్చిండ్రు, ఇగ మొదలువెట్టుండ్రి అని సార్ అంటుండంగనే, ఆ మాట పూర్తిగ కాకముందే నంబర్ 7 లేసిండు. "ఫ్రెండ్స్, ఐ వుడ్ లైక్ టు ఇనిషియేట్ ద డిస్కషన్." తర్వాత మైగ్రేషన్ అంటే ఒక చోటికెళ్లి ఇంకో చోటికి పోవుడు అంట. అవునా తమ్మీ, మాకు తెల్వకపాయె. నలభై సెకన్లు అదే.

వాన్ని ఒక్కన్నే అనొద్దు లే. మా కాలేజీకి వచ్చిన ట్రైనర్ సార్ చెప్పింది గదే: ముందు మాట్లాడితే సగం గెలిచినట్టు, ఆఖర్ల కంక్లూడ్ చేస్తే మిగిలిన సగం. మూడు రోజులు, మనిషికి 600, ఒక సర్టిఫికెటు, రెండు సమోసలు. క్లాసుల అరవైమంది ఉన్నం, అరవైమందికి ముందు మాట్లాడుమనే చెప్పిండు. అందరూ ముందే మాట్లాడితే ఎన్కకు మాట్లాడేది ఎవరు సార్, గోడలా?

ముందు మాట్లాడుడు తప్పు కాదు, కానీ మిగతా తొమ్మిదిమంది నడవనీకి బాట ఎయ్యాలె. మేలా కీడా అని అడిగిండ్రని నువ్వు కూడా మేలు అనో కీడు అనో కూసుంటే ఇగ రెండు జట్లయి కొట్లాటనే. గీ టాపిక్‌నే తీస్కోండ్రి. పోయేటోళ్లు రెండు తీర్లు, సీజన్‌కు పోయి వానలకు ఊరికొచ్చేటోళ్లు ఒకరు, పోయి అక్కడనే ఇల్లు కట్టుకునేటోళ్లు ఇంకొకరు. మొదటోళ్ల పైసలు ఊరికొస్తయి, కానీ పిలగాండ్ల బడి ఆగుతది. రెండోటోళ్లు మెల్లగ ఊరితోని తెగిపోతరు. "ముందు మొదటోళ్ల సంగతి చూస్తమా?" అని అడిగి ఊకుంటే అయిపాయె. ఇరవై సెకన్లు పట్టదు. దానికి డిక్షనరీ అక్కెర్లేదు, మా ఊర్ల నలుగురి ఇండ్లు చూస్తే చాలు.

ఇంకోటి, గడియారం. పదిహేను నిమిషాలు ఇచ్చిండ్రు, ఆఖర్ల రెండు నిమిషాలు సమ్మరీకి తీసేయుండ్రి, పదమూడు మిగిలినయి. పదిమందికి పంచితే మనిషికి 78 సెకన్లు. అంటే 25 సెకన్ల చొప్పున మూడుసార్లు నోరు తెరవాలె, అంతే మన వాటా. నంబర్ 7 నాలుగు నిమిషాలన్న తిన్నడు. ఎవరి వాటల్కెళ్లి తిన్నడు మరి? నాదే. నంబర్ 9ది కూడా.

నా తప్పు కూడా చెప్తా, లేకపోతే మళ్ల కామెంట్లల్ల మీరే అంటరు. నేను సప్పుడు ఆగుతదేమో అప్పుడు మాట్లాడుదాం అని ఎదురుచూసిన. ఆగదు! చేపల మార్కెట్ల ఎవరూ నీ కోసం ఆగరు. గొంతు పెంచితే ఇంకా మస్తుమంది పెంచుతరు, "ఎక్స్‌క్యూజ్ మీ, ఎక్స్‌క్యూజ్ మీ" అని చెయ్యి ఊపితే ట్రాఫిక్ పోలీసు లెక్కుంటది. మాట్లాడేటోడు వాక్యం కాడ ఊపిరి తీస్కుంటడు సూడుండ్రి, ఆడ దూరాలె, అదీ వాడు అన్న ఆఖరి మాటనే పట్టుకోని. నంబర్ 3 అమ్మాయి గట్లనే చేసింది. ఎవడో "పైసలు పంపుతరు గదా" అన్నడు, ఆమె "పంపిన పైసలు దేనికి పోతున్నయో సూద్దాం, ముందు అప్పుకు పోతయి" అని అందుకున్నది. వాని మాట మీదనే నడుస్తున్నది గాబట్టి వాడు కూడా అడ్డం రాలే. మొత్తం మూడుసార్లే మాట్లాడింది, ఆమె పేరే లిస్టుల వచ్చింది. సారు కారణం చెప్పలే, నాకైతే గదే అనిపించింది.

నంబర్ 9 సంగతి ఇంకా ఘోరం. పాపం సప్పుడు చెయ్యకుంట కూసున్నడు. మన నంబర్ 7 సార్‌కు లీడర్‌షిప్ గుర్తొచ్చింది, "నంబర్ 9, యూ హావ్ నాట్ స్పోకెన్, వాట్ ఈజ్ యువర్ ఒపీనియన్?" అన్నడు. పిలగాని మొఖం సున్నం అయింది. సాయం చెయ్యాలంటే వాడు అంతకుముందు మెల్లగ బడి గురించి ఏదో గొణిగిండు గదా, ఆ మాట తీసి వాని చేతుల పెట్టాలె. "బడి సంగతి ఏదో అంటుంటివి" అంటే వాడే చెప్పుకుంటడు. అందరి ముందర వీడు మాట్లాడలే అని సాటుడు సాయమెట్లయితది?

ఇగ అసలు కథ. సమ్మరీ ఎవరు చెప్తరు అని సార్ అడిగిండు. నేను కాగితం మీద ఎడమ దిక్కు ఒకటి నుంచి పది నంబర్లు రాసుకున్న, ఎవరేమన్నరో ఒక్కొక్క ముక్క పక్కన పెట్టుకున్న. 3, అప్పు. 5, చేతిపని నేర్చుకోని వస్తరు. 9, బడి. చెప్పాల్సింది ముప్ఫై, నలభై సెకన్లే. పైసలు ఊరికొస్తయన్న కాడ అందరం ఒప్పుకున్నం, అవి ముందు అప్పుకే పోతయని నంబర్ 3 అన్నది, పిలగాండ్ల చదువు ఆగుతదన్నది ఎవ్వరూ కాదనలే, ఊర్ల పని దొరికితే వలస ఆగుతదా అన్న కాడ తేలలే. తేలలే అని చెప్పినా తప్పు లేదు, అందరం ఒక్కటే అనుకున్నం అని అబద్ధం చెప్తేనే తప్పు. నేను చెయ్యి లేపేలోపు నంబర్ 7 షురూ: "టు కంక్లూడ్, స్మార్ట్ సిటీలు కట్టాలె." స్మార్ట్ సిటీ ముచ్చట ఎవరు తీసిండ్రు రా నాయినా? పదిహేను నిమిషాలల్ల ఒక్కరు కూడా తియ్యలే! సమ్మరీ అంటే కుప్పవడ్డ మాటలను ఏరి చెప్పుడు, కొత్తది తెచ్చి కలుపుడు కాదు. జవాబు చెప్పనీకి ఎవ్వరికీ టైం లేదు, అందరి పేరు మీద వాని మాట పోయింది. వాని పేరు కూడా లిస్టుల రాలే, కానీ దాంతోని నాకేం ఒరిగింది?

నాకు మా నాయినను పనికి తీస్కపోయే మేస్త్రి యాదికొచ్చిండు. సీజన్ అయిపోయినంక మేస్త్రి మా ఇంటి అరుగు మీద కూసోని లెక్క చూసేటోడు. ఇచ్చిన అడ్వాన్స్ ఇంత, చేసిన రోజులు ఇన్ని, అంతా చదివి నోట్‌బుక్ మూసేటప్పుడు "ఆఁ, బస్సు కిరాయి, బియ్యం, మందులు" అని ఇంకో వెయ్యో రెండు వేలో కలిపేటోడు. అప్పటిదాకా ఆ ముచ్చటే ఉండకపోయేది. నేను అప్పుడు ఏడో తరగతి, తలుపు ఎన్క నిలవడి ఇనేదాన్ని. నాయినా, ఎందుకు అడగలే అని తర్వాత అడిగితే, "అందరూ లేసి నిలవడ్డంక ఏం అడుగుతం బిడ్డా" అన్నడు.

ఇయ్యాల నేను కూడా లేసి నిలవడ్డ. కాగితం ఇంకా బ్యాగుల్నే ఉన్నది. ఆ 600 వాపస్ ఎవరిని అడగాలెనో తెలిసినోళ్లు చెప్పుండ్రి.