డిప్లాయ్, డిప్లాయ్, డిప్లాయ్

"మెషిన్ లెర్నింగ్ ఇంజినీర్ రెజ్యూమెని 30 సెకన్లలో తేల్చే చిట్కా: (1) 'డిప్లాయ్' అన్న మాట కనీసం మూడుసార్లు ఉండాలి. (2) ఆక్యురసీ 95 శాతం దాటని ప్రాజెక్టు లెక్కలోకి రాదు. (3) ఫస్ట్ ఆథర్‌గా రీసెర్చ్ పేపర్ లేకపోతే పక్కన పెట్టేయండి. (4) జాబ్ పోస్టింగ్‌లోని టూల్స్ పేర్లలో 80 శాతం రెజ్యూమెలో కనిపించాలి. (5) మోడల్ ఎన్నాళ్లు నడిచిందో రాయనివాళ్లను నమ్మొద్దు. హైరింగ్ చేసే ప్రతి ఒక్కరికీ పంపండి!"

పంపారు. ఈ వాట్సాప్ ఫార్వర్డ్ రావడం ఈ వారంలో నాకిది నాలుగోసారి. మొదటి ముగ్గురికీ బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నాను. నాలుగో అతను మాతో కలిసి ఇంటర్వ్యూలు చేసే మనిషి. ఇక ఊరుకోలేకపోయాను.

నాలుగో పాయింటుతో మొదలుపెడతాను, ఎందుకంటే దానికి రెండు వాక్యాలు చాలు. పోస్టింగ్‌లో ఉన్న టూల్స్ పేర్లు కాపీ చేసి రెజ్యూమెలో అతికించుకోవడానికి ఒక నిమిషం పడుతుంది. ఆ నిమిషం ఖర్చుపెట్టినవాళ్లను ఏరుకోవడమే మీ పద్ధతైతే కానివ్వండి.

అసలు కోపం ఆక్యురసీ దగ్గర. ఒక పోస్టింగ్ తీసుకుందాం. చెల్లింపుల్లో మోసాలు పట్టే మోడల్, ప్రతి లావాదేవీకి 100 మిల్లీసెకన్లలోపు జవాబు చెప్పాలి, మోడల్ పాడైతే సరిచేసే బాధ్యత కూడా మీదే అని రాసుంది. లక్ష లావాదేవీల్లో 400 మోసాలు ఉన్నాయనుకోండి. ఏ మోడలూ లేకుండా, కళ్లు మూసుకుని అన్నిటికీ "ఓకే" అంటూ పోతే ఆక్యురసీ ఎంత? 99.6 శాతం. ఫార్వర్డ్ లెక్కలో ఇది డిస్టింక్షన్.

ఇప్పుడు రెజ్యూమెలో "98.7 శాతం ఆక్యురసీ" అని కనిపించింది. అంటే లక్షలో 1,300 తప్పులు. కానీ ఏ తప్పులు? ఒక మోడల్ 400 మోసాల్లో 300 పట్టి, 100 వదిలేసి, 1,200 మంచి లావాదేవీలను అనవసరంగా ఆపిందనుకోండి. మొత్తం 1,300. ఇంకో మోడల్ ఒక్క మోసం కూడా పట్టలేదు, పైగా 900 మంది మంచివాళ్లను ఆపింది. 400, 900 కలిపితే అదీ 1,300. మొదటిది లేపిన 1,500 హెచ్చరికల్లో ఐదింట ఒకటి నిజం. అలాంటి మోడల్‌ను చాలామంది సంతోషంగా వాడుకుంటారు. రెండోదాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలీదు. రెజ్యూమెలో మాత్రం రెండింటిదీ ఒకటే అంకె. ఇలాంటి పోస్టింగ్‌కి వచ్చి ఆక్యురసీ ఒక్కటే రాసిన మనిషి, నా లెక్కలో, ఈ సమస్య మీద ఇంకా చెయ్యి పెట్టలేదు. 95 దాటారా లేదా అన్నది తర్వాతి మాట. మోసాల్లో ఎన్ని పట్టింది, లేపిన హెచ్చరికల్లో ఎన్ని నిజం, అంతకుముందున్న పద్ధతి కంటే ఎంత మెరుగు: ఈ మూడూ ఉంటే చదువుతాను.

ఇక "డిప్లాయ్" లెక్క. లాప్‌టాప్‌లో ఒక చిన్న వెబ్ పేజీ పెట్టి స్నేహితుడికి లింక్ పంపినా డిప్లాయే, కోట్ల లావాదేవీల దారిలో నిలబెట్టినా డిప్లాయే. మాట ఒకటే కాబట్టి మాటని లెక్కపెడితే ఏమీ తెలీదు. ఆ మోడల్‌ని ఎవరు పిలుస్తున్నారు, అది జవాబివ్వకపోతే ఏం జరుగుతుంది, దాన్ని వెనక్కి తీసే దారి ఏంటి అన్నవి వెతకాలి.

నా దగ్గరికి వచ్చినవాటి తరహాలోనే రెండు రెజ్యూమెలు చెప్తాను. మొదటిది: "ఐదు మోడల్స్ డిప్లాయ్ చేశాను, 98.7 శాతం ఆక్యురసీ", కింద టూల్స్ పేర్లు రెండు వరుసలు, ఫస్ట్ ఆథర్‌గా ఒక పేపర్. రెండోది: "ఒకే మోడల్. మూడు వారాలు షాడోలో నడిపాం. ఆన్ చేశాక రెండో రోజున వెనక్కి తీశాం. కస్టమర్ 30 రోజుల సగటు ఖర్చు ట్రైనింగ్‌లో ఒకలా, లైవ్‌లో ఇంకోలా వస్తోంది. సరిచేసి మళ్లీ పెట్టాం, 14 నెలలుగా నడుస్తోంది."

రెండోది నిదానంగా చదవండి. షాడో అంటే మోడల్ నిజమైన ట్రాఫిక్‌కే జవాబులు చెప్తుంది, కానీ వాటి మీద ఎవరూ చర్య తీసుకోరు, రాసిపెట్టుకుని పోలుస్తారు. ఇది చేశారంటే భయం తెలిసిన మనిషి. ఆ సగటు సంగతి ఇంకా ముఖ్యం. ట్రైనింగ్ డేటా తయారుచేసేటప్పుడు ఆ రోజు సాయంత్రం దాకా జరిగిన లావాదేవీలన్నీ సగటులో కలిసిపోయాయి. అంటే ఉదయం పదింటి లావాదేవీకి సాయంత్రం ఏం జరగబోతోందో ముందే తెలుసు. లైవ్‌లో మాత్రం నిన్న రాత్రి వరకే లెక్క ఉంటుంది. పరీక్షలో బ్రహ్మాండంగా ఉన్న మోడల్ లైవ్‌లో చతికిలబడేది చాలాసార్లు ఇక్కడే. మరి మూడు వారాల షాడోలో ఇది ఎందుకు దొరకలేదు? ఇంటర్వ్యూలో నా మొదటి ప్రశ్న అదే. షాడోలో సగటుని రాత్రిపూట తీరిగ్గా మళ్లీ లెక్కకట్టారేమో, అలాగైతే దొరకదు. ఇలా అడగడానికి ఏదో ఒకటి చేతికిచ్చే రెజ్యూమెనే లోతున్న రెజ్యూమె అంటాను.

ఫార్వర్డ్ ప్రకారం? రెండోదానిలో "డిప్లాయ్" సున్నా సార్లు, ఆక్యురసీ లేదు, పేపర్ లేదు. చెత్తబుట్ట. మొదటిదానికేమో ఆక్యురసీ, పేపర్, టూల్స్ మూడింట్లోనూ మార్కులు. భలే!

పేపర్ల దగ్గరికొస్తే, ఈ పోస్టింగ్‌లో "పేపర్లు ఉంటే మంచిది" అని మాత్రమే ఉంది. దాన్ని "లేకపోతే వద్దు" అని చదవడం మన సొంత తెలివి. ఫస్ట్ ఆథర్ సంగతైతే, ఇప్పటి ఏఐ చాట్‌బాట్‌ల వెనకున్న ట్రాన్స్‌ఫార్మర్‌ని 2017లో పరిచయం చేసిన పేపర్‌లో ఎనిమిది మంది పేర్లున్నాయి. అందరిదీ సమాన పాత్ర, పేర్ల వరుసకి అర్థం లేదు అని మొదటి పేజీ అడుగున వాళ్లే రాశారు. మన చిట్కా ప్రకారం అందులో ఏడుగురిని ఇంటికి పంపాలి. కొత్త పద్ధతులు కనిపెట్టే రీసెర్చ్ పోస్టు అయితే మాత్రం పేపర్లు గట్టిగా చూడాల్సిందే, అప్పుడు కూడా ఇందులో మీరు చేసిన పని ఏది అని అడగాలి. నిపుణుల రివ్యూ లేకుండానే అప్‌లోడ్ అయ్యే ప్రీప్రింట్‌నీ, కాన్ఫరెన్స్ మెయిన్ ట్రాక్‌లో ఎంపికైనదాన్నీ ఒకే గాటన కట్టకూడదు.

ఐదోది... కరెక్టే. ఒప్పుకోడానికి కష్టంగా ఉంది గానీ కరెక్టే. ఎన్నాళ్లు నడిచింది అన్నది నేను చాలాకాలం చూడలేదు. రెండు వారాలు నడిచి ఆగిపోయిన మోడల్స్‌తో నిండిన రెజ్యూమెని మెచ్చుకుని షార్ట్‌లిస్ట్ చేసింది నేనే. ఏడాది నడిచిన మోడల్ అంటే డేటా మారింది, మళ్లీ ట్రైన్ చేయాల్సి వచ్చింది, ఏదో ఒక రాత్రి అలర్ట్ మోగింది. పాత కంపెనీ ఒప్పందం వల్ల అంకెలు రాయలేనివాళ్లు ఉంటారు కాబట్టి "నమ్మొద్దు" బదులు "ఫోన్ చేసి అడగండి" అంటే సరిపోయేది.

నాలుగో అతనికి ఆ రెండు రెజ్యూమెల వాక్యాలు పంపి, ఎవరిని పిలుద్దాం అన్నాను. పావుగంట తర్వాత "రెండో మనిషిని. ఎందుకు, డౌటా?" అని జవాబు. ఆ కిందే, నువ్వు పంపిన ఫార్వర్డ్ ఆ మనిషిని తీసేస్తుంది అని రాశాను. రెండు టిక్కులూ నీలం అయ్యాయి, జవాబు ఇంకా రాలేదు.