యోగా చాపలు వచ్చాయి, ప్రమాదం తొలగింది

మా భద్రతా కమిటీ మీద ఈమధ్య ఒక నింద పడింది. తడి నేల, వేలాడే వైరు, తలుపుకి అడ్డంగా పెట్టిన అట్టపెట్టె, ఇలాంటివన్నీ రిస్క్ పట్టికలో ఎక్కిస్తామట గానీ, పని ఒత్తిడి, వేధింపులు, తెమలని పనిగంటలు మాత్రం రాయమట. శుద్ధ అబద్ధం. రాశాం. చిట్టచివరి వరుసలో ఉంటుంది చూడండి: ‘ప్రమాదం: ఒత్తిడి. ఎవరికి: అందరికీ. నివారణ: యోగా.’ ఇంత పొదుపుగా రాసినందుకు మెచ్చుకోకపోగా అక్షింతలా!

గొడవంతా అకౌంట్స్ విభాగంతో వచ్చింది. అక్కడ 12 మంది చెయ్యాల్సిన పని 9 మంది చేస్తున్నారు. మానేసి వెళ్ళిన ముగ్గురి కుర్చీలూ భద్రంగానే ఉన్నాయి. నెలాఖరొస్తే వారానికి 60 గంటలు పడుతుంది. ఎవరి లెక్కలో అయినా తప్పు దొరికితే విభాగాధిపతి గారు దాన్ని అందరి ముందూ పైకి చదివి వినిపిస్తారు, మిగతావాళ్ళూ నేర్చుకుంటారని. దీనికి మేం పద్ధతి ప్రకారమే మార్కులు వేశాం. జరిగే అవకాశం 2, తీవ్రత 2, గుణిస్తే 4. ఆకుపచ్చ గడి. మార్కులు వేసింది ఎవరని అడుగుతున్నారు. విభాగాధిపతి గారే. ఆ విభాగం సంగతి ఆయనకన్నా ఎవరికి తెలుసు?

ఇంతలో కమిటీలోకి ఒక కొత్త అమ్మాయి వచ్చింది. వృత్తి భద్రత చదువుకుని వచ్చింది, అదే చిక్కు. “సార్, మన తీవ్రత కొలత కాలు జారితే ఎముక విరుగుతుందా లేదా అని చూడ్డానికి పెట్టుకున్నది. ఒత్తిడి ఒక్క క్షణంలో తగిలే దెబ్బ కాదు. రోజూ ఎంతసేపు, ఎన్ని నెలలుగా, ఎంతమందికి అని అడగాలి” అంది. అంతటితో ఊరుకుందా? ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో వేసిన లెక్క తీసింది. వారానికి 35-40 గంటలు పనిచేసేవాళ్ళతో పోలిస్తే, 55 గంటలు, ఆపైన చేసేవాళ్ళకి పక్షవాతం వచ్చే ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువట. ‘తీవ్రత 2’ అంటే మా పట్టికలో ‘ప్రథమ చికిత్సతో సరి’ అని అర్థం. పక్షవాతానికి మా ప్రథమ చికిత్స పెట్టెలో ఏముందో చూడమని స్టోర్స్‌కి ఉత్తరం రాశాం.

తరువాతి అభ్యంతరం ఇంకా విచిత్రం. పని భారం ఒక వరుసలో, గడువులు ఇంకో వరుసలో, కేకలు మరో వరుసలో రాశాం గనుక అన్నీ విడివిడిగా ఆకుపచ్చగానే ఉన్నాయట. కానీ మూడూ పడేది ఒకే మనిషి మీద, ఒకే సాయంత్రం. పని ఎక్కువై, దాన్ని ఎలా, ఎప్పుడు చెయ్యాలన్నది తన చేతిలో లేకపోతే ఒత్తిడి బాగా పెరుగుతుందని కరాసెక్ అనే ఆయన 1979లోనే చెప్పాడట. మూడు ఆకుపచ్చలు కలిస్తే ఎరుపు అవుతుందని మాకు డ్రాయింగ్ మాస్టారు ఎప్పుడూ చెప్పలేదు.

ఫిర్యాదులు సున్నా అని చూపించాం. ఫిర్యాదు కాగితం ఎవరి బల్ల మీదకి వెళుతుందని అడిగింది. విభాగాధిపతి గారి బల్ల మీదకే, ఇంకెక్కడికి? సర్వే కూడా జరిపాం, పూర్తిగా గోప్యంగా. పేరు రాయక్కర్లేదు; వయసు, హోదా, చేరిన సంవత్సరం రాస్తే చాలు. 9 మందిలో ఎవరు ఏం రాశారో చివరిదాకా గోప్యంగానే ఉంది, టీ వేళ దాకా.

ఇక నివారణ. యంత్రం చెవులు చిల్లులు పడేలా మోగుతుంటే, ముందు ఆ చప్పుడు ఆపేదారి చూడాలి, చెవి బిరడాలు ఆఖరి మాట. యోగా ఆ చెవి బిరడా కోవలోదట. పనిచోట మానసిక ఆరోగ్యం గురించి 2021లో వచ్చిన ఐఎస్ఓ 45003 మార్గదర్శకం కూడా పనిని ఎలా పంచారు, ఎలా నడుపుతున్నారు అన్నదాన్నే ముందు చూడమంటోందని చెప్పింది. ఆ అమ్మాయి రాసుకొచ్చిన వరుస ఇలా ఉంది: ఎవరూ చదవని రెండు నెలవారీ నివేదికలు ఆపేయాలి. ఖాళీలు నింపేదాకా గడువులు జరపాలి. తప్పులు గదిలో ఒంటరిగా చెప్పాలి. ఫిర్యాదులు విభాగం బయటివాళ్ళకి వెళ్ళాలి. మార్కులు వేసేటప్పుడు ఆ పని చేసేవాళ్ళు కూర్చోవాలి. మూడు నెలలయ్యాక పనిగంటలు, సెలవులు, రాజీనామాలు చూసి మళ్ళీ అంచనా వెయ్యాలి.

కమిటీ ఇందులో ఆఖరిది మాత్రం ఆమోదించింది. వెంటనే హాజరు యంత్రం లెక్కలు తెప్పించాం. అకౌంట్స్ వాళ్ళంతా నెలాఖరుతో సహా రోజూ సరిగ్గా 6 గంటలకి వేలిముద్ర వేసి వెళ్ళిపోతున్నారు. వేలిముద్ర వేసి మళ్ళీ కుర్చీలోకి రమ్మని విభాగాధిపతి గారే చెబుతారని ఆ అమ్మాయి అంటోంది. రాత్రి 10 దాకా ఆ అంతస్తులో దీపాలు ఎందుకు వెలుగుతున్నాయన్న ప్రశ్న మాత్రం మా పరిధిలోకి రాదు. విద్యుత్ పొదుపు కమిటీకి పంపించాం.