పద్నాలుగు చీటీలు, పదకొండు థాంక్యూలు

జూన్ 30న మా బ్రాంచి మేనేజర్ సార్ రిటైరయ్యారు. మా పెద్దవాళ్లలో ఇంతమందికి సర్టిఫికెట్లో పుట్టినరోజు జూన్‌లోనే ఎందుకు పడిందో అప్పట్లో బడిలో చేర్చుకున్న పంతుళ్లనే అడగాలి. శాలువా, పూలదండ, బిర్యానీ ఆర్డరు వేరేవాళ్లు తీసుకున్నారు. నాకు కార్డు అప్పజెప్పారు. "నీ తెలుగు మంచిగుంటది గదక్కా, నువ్వే సూడు" అని.

హన్మకొండ చౌరస్తాలో మందపాటి కార్డు ఒకటి కొన్నాను. తెరిస్తే లోపల రెండు పేజీలు. మేం పద్నాలుగు మందిమి. నేరుగా కార్డు మీద రాయిస్తే కొట్టివేతలు తప్పవని, ముందు తలా ఒక చీటీ ఇచ్చి రెండు మూడు వాక్యాలు రాసిమ్మన్నాను. సాయంత్రానికి పద్నాలుగూ వచ్చాయి. పదకొండింట్లో "థాంక్యూ సార్" ఉంది. మిగిలిన మూడింట్లో "కృతజ్ఞతలు" ఉంది. ఆ మూడింట్లో రెండు చోట్ల "కృతఙ్ఞతలు" అని ఉంది. ఇది ఫోన్ కీబోర్డు తెచ్చిన తిప్పలనుకుంటా, ఞ ఒత్తు మీద జ ఉండాల్సిన చోట ఙ వచ్చి కూర్చుంటోంది. పెళ్లి కార్డుల్లో చూస్తున్నా, ఫ్లెక్సీల్లో చూస్తున్నా. 32 ఏళ్ల సర్వీసు చేసిన మనిషికి ఇచ్చే కార్డులో మాత్రం చూడదలచుకోలేదు.

చీటీలు వెనక్కిచ్చి "థాంక్యూ లేకుండా రాయండి" అన్నాను. అక్కడ మొదలైంది నా తలనొప్పి. అందరూ దాని బదులు వేసే మాట కోసం నా టేబుల్ చుట్టూ చేరారు. బల్బు పోతే ఇంకో బల్బు బిగించినట్టు, థాంక్యూ తీసిన చోట సరిగ్గా పట్టే ఇంకో మాట కావాలి వాళ్లకి.

సరే, ఒక్కొక్కటీ పెట్టి చూశాం. "ధన్యవాదాలు" అంటే మీటింగ్ చివర వందన సమర్పణ చదివినట్టుంది. "మీకు రుణపడి ఉంటాం" అన్నాడు మా లోన్ల ఆఫీసర్. బ్యాంకులో పనిచేస్తూ కార్డు మీద ఆ మాట రాస్తే, ఎన్ని కిస్తీల్లో కడతారని సారే అడుగుతారు. "మీ దయవల్ల" అంటే చేతులు కట్టుకుని నిలబడ్డట్టు. ఒకాయన సరదాకి "బాంచన్ అని రాద్దామా" అన్నాడు. మన దగ్గర ఆ మాట ఊళ్లో దొర ముందు వంగి కాల్మొక్కిన వాళ్ల నోట్లోంచి వచ్చింది. ఇప్పుడు దోస్తుల మధ్య నవ్వులాటకి వాడుకుంటాం గానీ, అధికారికి రాతలో ఇస్తే నవ్వులాట కాదు. "మీ పుణ్యమా అని" ఇంకా ప్రమాదం. మీ పుణ్యమా అని ఇంత నేర్చుకున్నాం అని మనం మంచి మనసుతోనే రాస్తాం. చదివేవాళ్లకు మాత్రం "నీ పుణ్యమా అని బస్సు పోయింది" వినిపిస్తుంది.

ఎవరో నెట్‌లో చూసి "నెనర్లు" తెచ్చారు. ఇంటర్నెట్‌లో తెలుగు రాసేవాళ్లు కొందరు థాంక్స్ బదులు ఇష్టంగా వాడుకున్న మాట. నెనరంటే ప్రేమ, ఆప్యాయత. నాకూ ఇష్టమే. కానీ కార్డు చదివేది సార్ ఒక్కరే కాదు, ఇంట్లో మేడమ్ చదువుతారు, వాళ్లమ్మ గారికి చదివి వినిపిస్తారు. ఒక మాట దగ్గర ఆగి "అంటే ఏంటి?" అని అడగాల్సి వస్తే, అది ఆ కార్డుకి నప్పని మాటే.

కుర్రాళ్లు ఇద్దరు "శుభాశీస్సులు" రాశారు. నాయనా, పాతికేళ్ల వాడివి, అరవయ్యేళ్ల మనిషిని ఆశీర్వదిస్తావా? ఆశీస్సులు పైనుంచి కిందికే వస్తాయి. "చల్లగా ఉండండి" కూడా పెద్దవాళ్ల నోటి మాటే. ఇంకొకరు రాసిన "అభినందనలు" అయితే మెచ్చుకోలు, పరీక్ష పాసైన వాళ్లకు చెప్పేది. మీరు అనుకుంటున్నది అభివందనాలు, అంటే నమస్కారాలు. రెండూ పక్కపక్కనే ఉండి జనాన్ని ముంచుతున్నాయి.

అప్పుడు నాకు అర్థమైంది, కొత్త మాట కోసం వెతకడమే తప్పని. అసలు "కృతజ్ఞత" అనే మాటనే విప్పి చూడండి. కృతం అంటే చేసినది. జ్ఞ అంటే తెలిసినవాడు. నువ్వు నాకు చేసింది నాకు తెలుసు అనడమే కృతజ్ఞత. మనం ఆ మాట రాసి, చేసింది ఏంటో రాయడం మానేస్తున్నాం. సంచి ఇచ్చి బియ్యం ఇవ్వనట్టు. చేసిన పని రాస్తే ఆ మాట అవసరమే ఉండదు. మన ఇళ్లల్లో కూడా అంతే గదా, అమ్మకి ఎవరం థాంక్యూ చెప్పాం? "నువ్వు చేసిన పచ్చిపులుసు హాస్టల్‌ల యాదికొచ్చిందమ్మా" అంటాం. ఆమెకి అందాల్సింది అందుతుంది.

అందుకని చీటీలు మూడోసారి ఇచ్చి, "ఏం రాయాలి" అని ఆలోచించకండి, "ఏ రోజు" అని ఆలోచించండి అన్నాను. సార్‌తో మీకు గుర్తున్న ఒక్క రోజు.

మా క్యాషియర్ అమ్మాయి మొదటి చీటీ ఇది: "మీరు అందించిన సహకారానికి, మార్గదర్శకత్వానికి హృదయపూర్వక కృతజ్ఞతలు." ఇది ఏ బ్రాంచిలో ఏ మేనేజర్‌కైనా సరిపోతుంది. మాకు ముందున్న మేనేజర్, ఆయన పేరెత్తితే ఇప్పటికీ మా వాళ్లు మొహం తిప్పుకుంటారు, ఆయనకీ సరిపోతుంది. ఏ రోజు అని అడిగితే కాసేపు ఆగి, "క్యాష్ తక్కువొచ్చిన రోజు అక్కా" అంది.

ఆమె చేరిన కొత్తలో సంగతి. సాయంత్రం లెక్క చూస్తే సిస్టమ్‌లో ఉన్నదానికీ చేతిలో ఉన్నదానికీ 18 వేలు తేడా. క్యాష్ తగ్గితే క్యాషియరే కట్టుకోవాలి. పిల్ల ఏడుపు ఒక్కటే తక్కువ. సార్ అప్పటికే బ్యాగు భుజాన వేసుకున్నారు. అది మళ్లీ కిందపెట్టి, కుర్చీ లాక్కుని, నోట్ల కట్టలు ముట్టుకోకుండా "ఓచర్లు తే" అన్నారు. "తేడా ఎంత? సగం చెయ్. ఆ సగం ఉన్న ఓచరు వెతుకు" అన్నారు. డబ్బు ఇచ్చిన ఓచరును పొరపాటున జమ కింద కొడితే, చేతిలోంచి ఒకసారి పోతుంది, సిస్టమ్‌లో ఒకసారి పెరుగుతుంది, తేడా రెట్టింపు కనబడుతుంది. కట్ట సగానికి రాకముందే ఓచరు దొరికింది. ఒక రైతుకి ఇచ్చిన డబ్బు, ఆయన ఖాతాలోనే జమ అయి కూర్చుంది.

అదంతా కార్డులో పట్టదు. ఇద్దరం కూర్చుని కుదించాం: "18 వేలు తక్కువొచ్చిన రోజు, భుజాన వేసుకున్న బ్యాగు మీరు మళ్లీ కింద పెట్టారు. 9 వేల ఓచరు దొరికేదాకా ఇంటికి పోలేదు. ఇప్పటికీ తేడా వస్తే ముందు సగం చేస్తాను." ఇందులో థాంక్యూ లేదు, సహకారం లేదు, మార్గదర్శకత్వం లేదు. అన్నీ ఉన్నాయి. బ్యాగు సంగతి తీసేద్దామంది ఆమె. నేను ఒప్పుకోలేదు. నా లెక్కలో ఆ వాక్యాన్ని మోస్తున్నదే ఆ బ్యాగు.

మా అటెండర్ అన్న ఒక్క ముక్కే రాశాడు: "సార్, మీరు ఒక్కదినం గూడ నన్ను ఒరే అనలే." దాన్ని "మీరు నన్ను ఎన్నడూ అగౌరవపరచలేదు" అని దిద్దుదామన్నారొకరు. దిద్దితే కార్డు నేను చేయనని చెప్పాను. ఇంకొకామె ప్రసవం సెలవు నుంచి తిరిగొచ్చిన నెలంతా సార్ తనను ఎలా అరుసుకున్నారో రాసింది. "శ్రద్ధ వహించారు" అని రాసి కొట్టేసి, "అరుసుకున్నరు" అని పెట్టింది. ఆ కార్డు మొత్తంలో నాకు నచ్చిన మాట అదే. వచ్చి అడగడం, కనిపెట్టి ఉండటం, అవసరానికి నిలబడటం మూడూ అందులో ఉన్నాయి.

అయితే నిజం రాయమన్నాం కదా అని అంతా రాయకూడదు. ఒకతను తనకు రావాల్సిన మెమోను సార్ ఎలా ఆపారో పూసగుచ్చినట్టు రాశాడు. కార్డును సభలో పైకి చదువుతారు, రీజనల్ ఆఫీసు వాళ్లు ముందు వరుసలో ఉంటారు. "ఇది సార్ చెవిలో చెప్పు తమ్మీ" అని చీటీ వాపసు ఇచ్చాను.

ఇంకో చిక్కు, థాంక్యూ మానేయగానే జనం సంతాప సభలోకి వెళ్లిపోతున్నారు. "మీరు లేని లోటు తీరనిది", "మీరు చిరస్మరణీయులు", "మీరు ఎంతో ఆప్యాయంగా ఉండేవారు." మనిషి సుబేదారిలో ఇల్లు కట్టుకుని, రేపటినుంచి పొద్దున్నే భద్రకాళి చెరువు కట్ట మీద నడుద్దామనుకుంటున్నాడు! "ఉండేవారు", "చేసేవారు" వరసగా పడ్డాయంటే ఫోటోకి దండ వేసినట్టే. ఒక రోజు జరిగినదాన్ని ఆ రోజు జరిగినట్టే "పెట్టారు", "అన్నారు" అని రాస్తే ఆ వాసన రాదు.

కార్డు నడిమధ్యలో అందరి తరఫున రాసేది నాకు మిగిలింది. "మా బ్రాంచి" అని మొదలుపెట్టి ఆగిపోయాను. మా అంటే ఆయన బయటివాడైపోయినట్టే, ఇంకా ఆ రోజు సాయంత్రం అయిదు కూడా కాలేదు. "మన బ్రాంచి" అని మార్చాను. చివర "వీడ్కోలు" తీసేశాను. మన దగ్గర గడప దాటేటప్పుడు పోతున్నా అనం, పోయొస్తా అంటాం. "పోయి రండి సార్" అని పెట్టాను.

సభలో చదవలేదు సార్. గొంతు పట్టేస్తుందని ఇంటికి తీసుకెళ్తానన్నారు. రెండు రోజుల తర్వాత ఏవో పెన్షన్ కాగితాలకి వచ్చి, కార్డు తీసి నా టేబుల్ మీద పెట్టారు. క్యాషియర్ అమ్మాయి వాక్యంలో 18 మీద గీత కొట్టి 19 అని, 9 వేల మీద గీత కొట్టి 9,500 అని వేసి ఉంది. దిద్దిన రెండు చోట్లా, ఓచరు మీద దిద్దితే పెట్టాల్సినట్టే, పక్కన పొట్టి సంతకం.