విధేయత వారసత్వంగా రాలేదు

“సుల్తాను డబ్బు పెట్టి కొన్న బానిసలే ఆయన వంశాన్ని ఎలా కూల్చగలిగారు?”

ఈజిప్టు ఉదాహరణ చూస్తే సమాధానం దొరుకుతుంది. 1239లో పాలస్తీనాలోని నాబ్లస్ దగ్గర తన సైన్యం వదిలి వెళ్లిపోగా, ఈజిప్టును ఏలిన అయ్యూబీ వంశపు రాజకుమారుడు అల్ సాలిహ్ వెంట నిలిచినవారిలో ముఖ్యులు ఆయన కొన్న మమ్లూకులు, అంటే బానిస సైనికులు. అందుకే సుల్తాను అయ్యాక ఆయన కిప్చాక్ తుర్కు బాలురను పెద్దసంఖ్యలో కొని, నైలు నదిలోని రోదా ద్వీపంలో కోట కట్టించి ఉంచాడు. మంగోలు దాడులతో స్టెపీ మైదానాల నుంచి బందీలు విరివిగా అమ్మకానికి వస్తున్న కాలమది.

సొంతవారికి దూరమైన ఆ బాలుడికి కొని, శిక్షణనిచ్చి, చివరికి విముక్తి కల్పించిన యజమానే తండ్రి. తనతోపాటు శిక్షణ పొందినవారే అన్నదమ్ములు. అయితే ఈ బంధం ఆ యజమానితోనే తప్ప ఆయన కొడుకుతో కాదు. నా దృష్టిలో అసలు లోపం ఇదే.

1249లో ఫ్రాన్స్ రాజు లూయీ 9 దండయాత్ర నడుస్తుండగానే సుల్తాను మరణించాడు. మరుసటి ఏడాది మన్సూరాలో ఫ్రెంచివారిని ఓడించడంలో మమ్లూకులదే ప్రధాన పాత్ర. అల్ సాలిహ్ కొడుకైన కొత్త సుల్తాను తూరాన్‌షా మాత్రం తన వెంట వచ్చినవారికే పదవులు కట్టబెట్టాడు. తమ స్థానం పోతుందని గ్రహించిన మమ్లూకులు 1250 మే నెలలో అతణ్ని చంపి, తమ యజమాని భార్య షజర్ అల్ దుర్‌ను గద్దెనెక్కించారు. కొద్ది నెలల్లోనే ఆమె స్థానంలోకి ఐబక్ అనే మమ్లూకు వచ్చాడు.

ఆ తర్వాత సుల్తానుల కొడుకులకూ ఇదే గతి పట్టడం తరచుగా కనిపిస్తుంది.