రెండు నంబర్లు దొరికితే ప్రొజెక్టైల్ లెక్క అయిపోయినట్టేనా?

"ఫోటోలో చేతిరాత సరిగ్గా కనపడకపోయినా టెన్షన్ వద్దు. ప్రొజెక్టైల్ లెక్కలో రెండు నంబర్లు దొరికితే చాలు, u, θ అనుకుని ఫార్ములాలో వేసేయండి. యూనిట్లు ఎప్పుడూ SI లోనే ఉంటాయి. జవాబు రౌండ్‌గా వచ్చిందంటే సరిగ్గా చదివినట్టే. ఏదైనా డేటా తగ్గితే మామూలుగా ఇచ్చేది అనుకుని చేసేయండి."
(ఇంటర్ ఫిజిక్స్ డౌట్ల గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్)

రౌండ్ జవాబు మాటతోనే మొదలుపెడతాను. మిగతా సలహాలు తప్పుదారి పట్టించినా ఎక్కడో ఒకచోట అనుమానం వస్తుంది. ఇది ఆ అనుమానాన్నే రానివ్వదు.

ఇలాంటి ఫోటో ఒకటి ఊహించుకోండి. గీతల నోట్‌బుక్ పేజీ, నీలం పెన్ను రాత. భవనం పైనుంచి బంతిని 20 m s⁻¹ వేగంతో, క్షితిజ సమాంతరానికి 30° కోణంలో విసిరారు. g = 10 m s⁻². ఎంతసేపటికి నేలను తాకుతుంది, భవనం అడుగు నుంచి ఎంత దూరంలో పడుతుంది? ఇంతవరకు బాగానే కనిపిస్తోంది. భవనం ఎత్తు దగ్గర మాత్రం మొదటి అంకెకు పైన చిన్న కొక్కెం ఉంది. అది 15 m కావచ్చు, 75 m కావచ్చు. మనలో చాలామంది 7 మధ్యలో అడ్డగీత పెట్టరు, 1కి తల మాత్రం పెడతారు. అందుకే ఈ తికమక తరచూ వస్తుంది.

15 అనుకుని చేద్దాం. నిలువు దిశలో తొలి వేగం 20 sin 30° = 10 m s⁻¹. పైదిశను ధనాత్మకం అనుకుంటే −15 = 10t − 5t², అంటే t² − 2t − 3 = 0. t = 3 సెకన్లు. చక్కగా వచ్చింది. ఇప్పుడు 75 పెట్టి చూడండి. t² − 2t − 15 = 0, t = 5 సెకన్లు. ఇదీ అంతే చక్కగా వచ్చింది. అడ్డంగా వేగం 20 cos 30° = 17.3 m s⁻¹ కాబట్టి మొదటి లెక్కలో దూరం సుమారు 52 m, రెండో దాంట్లో 86.6 m. ఇందులో ఏది సరైనదో జవాబు అందం చూసి చెప్పలేం.

కథ ఇంకా ఉంది. 30° అన్నారు గానీ పైకా, కిందికా అన్నది వాక్యంలో లేదు. పక్కన బొమ్మలో బాణం పెన్సిల్‌తో గీశారు, ఫోటోలో అది సగం మాయమైంది. కిందికి విసిరారనుకుంటే 15 m ఎత్తుకు 15 = 10t + 5t², t = 1 సెకను. 75 m ఎత్తుకు t = 3 సెకన్లు. నాలుగు రకాలుగా చదివితే నాలుగు సార్లూ పూర్ణసంఖ్యే వచ్చింది. పైగా '15 m, పైకి' అని చదివినా, '75 m, కిందికి' అని చదివినా 3 సెకన్లే, దూరం కూడా అదే 52 m. అంటే వెనక పేజీలో కీ చూసి జవాబు కలిసిందని సంతోషపడినా, ప్రశ్నను సరిగ్గా చదివినట్టు కాదు. తేడా బయటపడేది నేలను తాకే వేగం అడిగినప్పుడే: మొదటిదానిలో అది సుమారు 26.5 m s⁻¹, రెండోదానిలో 43.6 m s⁻¹.

ఇది కాకతాళీయం కాదు. పైకి విసిరిన బంతి 2 సెకన్ల తర్వాత మళ్లీ డాబా మట్టానికి వస్తుంది. అప్పుడు దాని వేగం అదే 20, దిశ కిందికి 30°. కాబట్టి ఎత్తు ఎంతైనా, పైకి విసిరితే పట్టే సమయం కిందికి విసిరితే పట్టే సమయం కన్నా సరిగ్గా 2 సెకన్లు ఎక్కువ. ఒకటి పూర్ణసంఖ్య అయితే రెండోదీ పూర్ణసంఖ్యే. లెక్క తయారుచేసేవాళ్లు వర్గ సమీకరణం సులభంగా విడిపోయేలా అంకెలు ఎంచుకుంటారు. అలా ఎంచుకున్న అంకెల పక్కనే తప్పుగా చదివిన అంకె కూడా సులభంగా విడిపోవడం వింతేమీ కాదు.

మరి ఎలా తేల్చాలి? పేజీ నుంచే. అదే చేతిరాతలో 'g = 10' ఉంది కదా, అందులోని 1కి కొక్కెం ఉందా చూడండి. ప్రశ్న నంబరులో 1 గానీ 7 గానీ ఉంటే దాన్నీ చూడండి. ఒకే మనిషి ఒకే పేజీలో 1ని రెండు రకాలుగా రాయడం తక్కువ. కోణం విషయంలో బాణం మొన ఎటు ఉందో పెద్దది చేసి చూడాలి. అప్పటికీ తెలియకపోతే 'h = 15 లేదా 75, మొదటి అంకె అనుమానం; దిశ లేదు' అని రాసుకుని, పంపినవాళ్లనే అడగాలి. అడగడానికి అర నిమిషం కూడా పట్టదు.

ఇక దొరికిన నంబర్లను u, θ అనుకోవడం. ఇక్కడ ఇబ్బంది అంకెతో కాదు, దాని పక్కన ఉన్న అక్షరంతో. తొందరలో రాసిన u, v ఒకేలా ఉంటాయి. అది u అయితే తొలి వేగం. v అయితే అత్యున్నత బిందువు దగ్గర వేగం కావచ్చు. అక్కడ వేగం 20, విసిరిన కోణం 30° అయితే తొలి వేగం 20 / cos 30° = 23.1 అవుతుంది, 20 కాదు. h కూడా ఇంతే. అది భవనం ఎత్తా, బంతి చేరే గరిష్ఠ ఎత్తా?

అదనంగా ఇచ్చిన అంకె ఇలాంటి చోట పనికొస్తుంది. నేల మీద నుంచే విసిరిన బంతి అనుకోండి: u = 20, కోణం 30°, గరిష్ఠ ఎత్తు 15 m అని కనిపిస్తోంది. u² sin²θ / 2g లో వేస్తే 30°కి వచ్చేది 5 m మాత్రమే. 60° వేస్తే సరిగ్గా 15 m వస్తుంది. కాబట్టి ఆ 30° నేలతో చేసిన కోణం కాకపోవచ్చు, నిలువుతో చేసిన కోణం కావచ్చు. బొమ్మలో చాపం ఏ గీత దగ్గర మొదలైందో చూస్తే తెలుస్తుంది. ఇదే ప్రశ్నలో రేంజ్ ఒక్కటే అడిగి ఉంటే ఈ పొరపాటు బయటపడేదే కాదు. 30°కి, 60°కి రేంజ్ ఒకటే, 34.6 m.

డిగ్రీ గుర్తు గురించి ఒక ముక్క. 30° ను 300 అని చదివితే రేంజ్ సూత్రంలో sin 600° వస్తుంది, జవాబు −34.6 m. చాలామంది 'దూరానికి మైనస్ ఏంటి' అని ఆ గుర్తును కొట్టేస్తారు, జవాబు కలిసిపోతుంది! ఆ మైనస్సే పేజీని మళ్లీ చూడమని చెప్పేది.

యూనిట్ల మాట. మన పుస్తకాల్లో చాలావరకు SI నిజమే. కానీ 72 km/h అని ఇచ్చే లెక్కలు ఎప్పుడూ ఉన్నాయి, ఎందుకంటే 3.6తో భాగిస్తే 20 వస్తుంది. ఫోటో అంచున 'km/h' కత్తిరించుకుపోయి 72 మాత్రమే మిగిలితే, దాన్ని m s⁻¹ అనుకుంటే సమయం 3.6 రెట్లు, ఎత్తూ రేంజూ ఏకంగా 12.96 రెట్లు పెరుగుతాయి. 34.6 m పోవాల్సిన బంతి 449 m పోతుంది. దీన్ని పట్టుకోవడానికి ఫార్ములా అక్కర్లేదు. 2003 ప్రపంచ కప్‌లో షోయబ్ అక్తర్ వేసిన ఆ ప్రసిద్ధ బంతి వేగం గంటకు 161.3 కి.మీ., అంటే 45 m s⁻¹ కన్నా కాస్త తక్కువ. లెక్కలో ఒక పిల్లవాడు చేత్తో బంతిని 72 m s⁻¹తో విసిరాడంటే అనుమానపడాల్సిందే. అదే తుపాకీ గుండు అయితే 72 మరీ తక్కువ. విసిరిన వస్తువు ఏమిటో చదివితే యూనిట్ సగం తెలిసిపోతుంది.

కొంచెం పాత నోట్సుల్లో g = 980 అని కనిపిస్తుంది. అప్పుడు ఎత్తులన్నీ సెంటీమీటర్లలో ఉంటాయి. 980ని దశాంశ బిందువు చెరిగిపోయిన 9.80 అనుకుంటే లెక్క మొత్తం తలకిందులే. ఘాతం మీద కూడా కన్నుండాలి. 10 m s⁻¹ అంటే వేగం, 10 m s⁻² అంటే త్వరణం. ఆ చిన్న 1, 2 కనపడకపోతే ఆ 10 ఏమిటో ఆ ముక్క వరకు తెలియనట్టే. '2 s' లోని s ని 5 అనుకుని 25 అని చదివినవాళ్లూ ఉన్నారు. గాల్లో 25 సెకన్లు ఉండాలంటే బంతి 781 m ఎత్తుకు పోవాలి. కాబట్టి ఇది కాసేపు ఆలోచిస్తే దొరికిపోయే తప్పే.

తగ్గిన డేటా విషయంలో ఆ మెసేజ్‌లో కొంత నిజం ఉంది. g ఇవ్వకపోతే 9.8 గానీ 10 గానీ తీసుకోవచ్చు, ఏది తీసుకున్నామో రాస్తే చాలు. 4.9, 14.7, 19.6, 29.4 లాంటివి కనిపిస్తే 9.8 ఉద్దేశించారని అర్థం. గాలి నిరోధం లేదనుకోవడం ఈ స్థాయిలో మామూలే. ద్రవ్యరాశి ఇవ్వలేదని కంగారు పడేవాళ్లుంటారు, అసలు దాని అవసరమే లేదు. అయితే కోణం ఇవ్వలేదని 45° అనుకోవడం, ఎత్తు కనపడలేదని నేల మీద నుంచే అనుకోవడం ఈ కోవలోకి రావు. అలా చేస్తే చేసేది ఇచ్చిన లెక్క కాదు, వేరే లెక్క.

రెండు నంబర్లు ఉన్నా డేటా చాలని సందర్భమూ ఉంది. దీన్ని చాలామంది గమనించరు. నేల నుంచి నేలకు పడే బంతి గాల్లో T = 2 s ఉంది, గరిష్ఠ ఎత్తు H = 5 m, తొలి వేగం కనుక్కోండి అని ఫోటోలో ఉందనుకోండి. రెండు విలువలూ స్పష్టంగానే ఉన్నాయి. కానీ H = gT²/8. g = 10 వేస్తే T = 2 నుంచే H = 5 వచ్చేస్తుంది. రెండో నంబరు కొత్తగా చెప్పిందేమీ లేదు. నిలువు వేగం 10 m s⁻¹ అని మాత్రమే తెలిసింది, అడ్డం వేగం ఎంతైనా కావచ్చు. ఇలాంటి ప్రశ్నలో ఒక వాక్యమో, బొమ్మ మీద రేంజో ఫోటో బయట ఉండిపోయి ఉంటుంది. పేజీ మొత్తం మళ్లీ పంపమనాలి. ఒకవేళ అదే ఫోటోలో T = 2 s, H = 8 m అని కనిపిస్తే, రెండూ కలిసి నిజం కాలేవు. అప్పుడు ఆ 8 నిజంగా 8నా, పైన మూసుకుపోయిన 5నా అని చూడాలి. లేదా ఆ H ని నేల నుంచి కొలిచి, బంతిని మాత్రం 3 m ఎత్తున్న గట్టు మీద నుంచి విసిరి, అదే మట్టానికి తిరిగొచ్చే సమయాన్ని T అన్నారేమో చూడాలి.